నీళ్ళు తాగమని చెప్పే ముందు టాయిలెట్ తాళం తియ్యండి



బడి గురించి రాస్తున్న ఈ వరుసలో ఇవ్వాళ ఆటల పీరియడ్ ముచ్చట. బీపీఈడీ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, హాస్టళ్ళలో పనిచేస్తున్న కార్యకర్తలు కొంచెం ఓపికగా చదవాలి. ఇది కాస్త పొడవైన పోస్టే.

మన సర్కారు హైస్కూళ్ళలో తిండి గురించి పాఠం లేక కాదు. సైన్సు పుస్తకంలో పోషణ ఉంది. గోడ మీద పాలు, పండ్లు, గుడ్ల బొమ్మలతో చార్టు ఉంది. రోజూ చాలినన్ని నీళ్ళు తాగాలని ఇంకో చార్టు ఉంది. ఆ పాఠం బట్టీ పట్టి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లే మధ్యాహ్నం ఆటల పీరియడ్‌లో రెండు రౌండ్లు ఉరికి, కళ్ళు తిరుగుతున్నాయని చెట్టు కింద కూర్చుంటుంది. పీఈటీ సారు ‘సాకులు చెప్పకు’ అంటాడు. ఆ పిల్లకు గోడ మీది చార్టుకూ తన కళ్ళు తిరగడానికీ ఉన్న లంకె ఎవరూ చెప్పరు.

ఆ లంకె చెప్పగలిగిన చోటు గ్రౌండ్. ఒళ్ళు అలిసినప్పుడు, నోరు ఎండినప్పుడు చెప్పిన మాట ఒంటికి తెలుస్తుంది. అందుకే తిండి, నీళ్ళ పాఠాన్ని ఆటల పీరియడ్‌లోనే కలిపి చెప్పాలని నేనంటాను. కానీ ఒక షరతు ఉంది. ఆ పాఠం పిల్ల పళ్ళెంలో నిజంగా ఉన్నదాని నుంచి, బడి నల్లాలో నిజంగా వచ్చేదాని నుంచి మొదలవ్వాలి. అలా మొదలవ్వకపోతే అది మన పిల్లలకు ఇంకో అవమానం అవుతుంది, అంతే.

ఎలా చెయ్యొచ్చో ఒక లెక్కతో చూద్దాం. తొమ్మిదో తరగతి. కబడ్డీ నేర్పడానికి ఆరు వారాలు. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. మొత్తం పన్నెండు పీరియడ్లు. ఒక్క పీరియడ్‌ను కూడా ఉపన్యాసం చెయ్యొద్దు. పిల్లలు ఆడుకోవడానికి వచ్చారు, ఆడనివ్వాలి. మధ్యలో నీళ్ళకు ఆగినప్పుడు ఐదు నిమిషాలు, చివర ఇంకో రెండు నిమిషాలు చాలు. మొదటి మూడు వారాలు నీళ్ళు, తర్వాతి మూడు వారాలు తిండి.

మొదటి రోజు నీళ్ళ గురించి ఏమీ చెప్పొద్దు. ప్రతి పిల్లకూ ఒక చిన్న చీటీ ఇవ్వాలి. పొద్దున బడి గంట కొట్టినప్పటి నుంచి సాయంత్రం ఇంటి గంట దాకా ఎన్నిసార్లు నీళ్ళు తాగారు, ఎన్నిసార్లు టాయిలెట్‌కు పోయారు అని రెండే ప్రశ్నలు. పేరు రాయొద్దు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది మాత్రం రాయాలి. మర్నాడు ఆ చీటీలు ఒక డబ్బాలో పడతాయి. నేను తిరిగిన బడుల్లో ఆడపిల్లల చీటీల మీద రెండు ప్రశ్నలకూ ఎక్కువగా కనిపించిన అంకెలు ఒకటి, సున్నా. మగపిల్లల చీటీల మీద అలా ఉండదు. వాళ్ళకు గోడ వెనక చోటుంది.

తర్వాతి పీరియడ్‌లో తూకం. దీనికి వంద గ్రాముల తేడా చూపించే డిజిటల్ తూకం మిషన్ ఒకటి కావాలి. ఏఎన్ఎం అక్క దగ్గర అడిగితే దొరుకుతుంది. దాన్ని మట్టి మీద పెట్టొద్దు, గచ్చు మీద పెట్టాలి. ఇష్టపడి ముందుకొచ్చిన నలుగురు చాలు. ఆడే ముందు టాయిలెట్‌కు పోయొచ్చి, చెప్పులు విడిచి ఎక్కాలి. ఆడాక చెమట తుడుచుకుని, అవే బట్టలతో మళ్ళీ ఎక్కాలి. మధ్యలో ఎన్ని నీళ్ళు తాగారో సీసా మీద గీత పెట్టి చూడాలి. బరువు అంకె ఆ పిల్లకూ సారుకూ తప్ప ఎవరికీ తెలియొద్దు. తేడా మాత్రమే చెప్పాలి.

ఒక అమ్మాయిని అనుకుందాం. ఆడే ముందు 42 కిలోలు. 40 నిమిషాల కబడ్డీ తర్వాత 41 కిలోల 700 గ్రాములు. మధ్యలో 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు తాగింది. బరువు తగ్గింది 300 గ్రాములు, తాగింది 200. రెండూ కలిపితే దాదాపు అర లీటరు నీళ్ళు చెమటగా పోయాయి. మిషన్ ఒక వంద గ్రాములు అటూ ఇటూ చెప్పొచ్చు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా పిల్లలకు ఇది మొదటిసారి కంటికి కనిపించే లెక్క. చెమట అంటే ఏదో తడి కాదు, రెండున్నర గ్లాసుల నీళ్ళు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒంటి బరువులో నూటికి రెండు వంతుల నీళ్ళు పోతే ఆట మందగిస్తుందని, తల బరువెక్కుతుందని ఆటల శాస్త్రం చెబుతుంది. 42 కిలోలకు రెండు వంతులంటే 840 గ్రాములు. మన అమ్మాయికి ఆటలో పోయింది అర లీటరే, అందులో ఒక గ్లాసు తిరిగి తాగింది. అంటే ఆట ఒక్కటే ఆమెను పడెయ్యలేదు. మరి కళ్ళెందుకు తిరిగాయి? పొద్దున ఏడున్నరకు ఇంట్లో తాగిన చాయ తర్వాత ఆమె ఏమీ తాగలేదు. నడిచి వచ్చింది, రేకుల గదిలో కూర్చుంది, ఊపిరితో, చెమటతో నీళ్ళు పోతూనే ఉన్నాయి. గ్రౌండ్‌లోకి వచ్చేసరికే ఒళ్ళు ఎండి ఉంది. ఆట ఆ లోటును బయటపెట్టింది.

అందుకే ‘ఆటకు సీసా తెచ్చుకోండి’ అని చెబితే సరిపోదు. పొద్దున్నుంచీ కొంచెం కొంచెం తాగాలి. తాగింది సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. మూత్రం రంగు. ఎండుగడ్డి లేత పసుపులో ఉంటే బాగున్నట్టు. చిక్కటి పసుపు, తేనె రంగుకు వస్తే నీళ్ళు తక్కువైనట్టు. పొద్దున లేవగానే వచ్చే మూత్రం మామూలుగానే చిక్కగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. బీకాంప్లెక్స్ బిళ్ళలు వేసుకున్నా పచ్చగా వస్తుంది. నీళ్ళు బాగా తాగినా రోజుల తరబడి ముదురు రంగు పోకపోతే, కళ్ళు పచ్చబడితే, అది నీళ్ళ సంగతి కాదు, ఆస్పత్రికి పంపాలి. ఈ రంగుల బొమ్మను క్లాసులో వేలాడదీసి పిల్లల్ని ఎగతాళి పాలు చెయ్యొద్దు. టాయిలెట్ తలుపు లోపలి వైపు అంటించాలి. ఎవరి సంగతి వాళ్ళే చూసుకుంటారు.

కానీ తలుపు ఉండాలి కదా!

ఇక్కడికొచ్చి చాలామంది మాట మార్చేస్తారు. ఆ అమ్మాయి నీళ్ళెందుకు తాగలేదు? తెలియక కాదు. తాగితే పోవాల్సి వస్తుందని. పోదామంటే గడియ లేదు, నీళ్ళు రావు, లేదా తాళం టీచర్ల దగ్గర ఉంది. నెలసరి రోజుల్లో అయితే ఇంకా ఘోరం. ఆ పిల్ల తన ఒంటి మీద రోజూ ఒక లెక్క వేసుకుంటుంది, నాలుగు గంటల దాకా ఆపుకోగలనా లేదా అని. ఆపుకుని ఆపుకుని మూత్రంలో మంట తెచ్చుకుంటుంది. ఇది తెలివితక్కువతనం కాదు, ఉన్న పరిస్థితిలో బతకడానికి వేసుకున్న ఎత్తు. అలాంటి పిల్లకు ‘నీళ్ళు తాగడం ఆరోగ్యానికి మంచిది’ అని పాఠం చెప్పడమంటే తప్పు ఆమె నెత్తిన పెట్టడమే.

2009 విద్యా హక్కు చట్టం వెనక ఉన్న షెడ్యూలులో మూడు మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు వేరు టాయిలెట్లు, తాగడానికి మంచినీళ్ళు, ఆట స్థలం. ఈ మూడూ ఒకే జాబితాలో ఉన్నాయి, మూడూ ఆటల పీరియడ్‌కు సంబంధించినవే. కాబట్టి నీళ్ళ పాఠం రెండో వారం పిల్లల చేతనే ఒక తనిఖీ చేయించాలి. తలుపు ఉందా, గడియ పడుతుందా, నల్లాలో నీళ్ళొస్తున్నాయా, మగ్గు, చెత్తడబ్బా ఉన్నాయా. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి చూడాలి, ఎందుకంటే తనిఖీ రోజున బాగుండి మర్నాడు పాడైపోయే టాయిలెట్లు మనకు తెలుసు. రిపోర్టులో ‘టాయిలెట్ ఉంది’ అని ఉంటుంది. వాడటానికి వీలుగా ఉందా అన్నది పిల్లలే చెప్పాలి. ఆ కాగితం, మొదటి రోజు చీటీల లెక్క కలిపి హెచ్ఎంకూ బడి కమిటీకీ ఇవ్వాలి. కేరళ బడుల్లో 2019లో నీళ్ళు తాగడానికి గంట కొట్టడం మొదలుపెట్టారు. తర్వాత మన దగ్గర కూడా కొన్ని బడుల్లో కొట్టారు. మంచి పనే. కానీ నీళ్ళ గంటకు జతగా టాయిలెట్ తాళం తియ్యకపోతే ఆ గంట మగపిల్లలకే మోగినట్టు.

నీళ్ళ గురించి ఇంకో మాట లేకుండా నేను ముందుకు పోలేను. ఈ దేశంలో బడి నీళ్ళు ఎప్పుడూ నీళ్ళు మాత్రమే కాదు. చిన్నప్పుడు బాబాసాహెబ్ బడిలో నల్లా ముట్టుకోగూడదు, ప్యూను తిప్పితేనే ఆయన దాహం తీరేది. ప్యూను రాని రోజు దాహమే. ఆ పిల్లాడే పెద్దై 1927లో మహద్ చవ్‌దార్ చెరువు నీళ్ళు తాగాడు. మన తెలుగు నేల మీద 1985 కారంచేడు కూడా మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గరే రాజుకుంది. ఇప్పుడు బడుల్లో ఎవరూ ‘ముట్టుకోవద్దు’ అని బోర్డు పెట్టరు. కానీ చూడండి. గ్రౌండ్‌కు బిందె మోసుకొచ్చే పని ఎవరికి పడుతుంది? టాయిలెట్‌లో నీళ్ళు పొయ్యమని ఎవర్ని పిలుస్తారు? గ్లాసు ఎత్తి పోసుకునేది ఎవరు, ఎవరి చేతిలోంచి తీసుకోవడానికి ఎవరు వెనకాడుతున్నారు? పీఈటీ చెయ్యాల్సింది చాలా చిన్న పని. నీళ్ళు తెచ్చే వంతు, పంచే వంతు రోల్ నంబరు ప్రకారం గోడ మీద రాయాలి. ఒక్కరికీ మినహాయింపు ఉండొద్దు. కబడ్డీలో కూత పెట్టి ఒకరి కాలు ఒకరు పట్టుకునే పిల్లలు, ఒకరి చేతి నీళ్ళు ఒకరు తాగడం అదే గ్రౌండ్‌లో నేర్చుకోవాలి.

ఇక ఏం తాగాలి? గంట లోపు ఆటకు మామూలు నీళ్ళు చాలు. ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు. చెమటతో పోయిన ఉప్పు తర్వాత తినే అన్నం కూరలో వచ్చేస్తుంది. ఎండాకాలం, రోజంతా టోర్నమెంట్ ఉంటే ఉప్పేసిన పలుచటి మజ్జిగ, ఉప్పేసిన గంజి. మన అవ్వలు కూలికి పోతూ ముంతలో పట్టుకుపోయింది అదే. రంగు నీళ్ళ సీసాలు, ఎనర్జీ డ్రింకులు పిల్లలకు అక్కర్లేదు. గ్లూకోజ్ పొడి చిక్కగా కలిపి తాగిస్తే కడుపులో బరువుగా ఉండి ఆటకు అడ్డమే. ఒకేసారి లీటర్లకు లీటర్లు తాగించడం కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఇంకొక్కటి పీఈటీకి తప్పక తెలియాలి. ఎండలో ఆడుతున్న పిల్ల తడబడి మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే అది దాహం కాదు, వడదెబ్బ. నీడకు తీసుకుపోయి ఒంటి నిండా నీళ్ళు పోసి విసరాలి, 108కు ఫోన్ చెయ్యాలి. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

ఇప్పుడు పళ్ళెం దగ్గరకొద్దాం.

మామూలుగా ఈ పాఠం ఎలా మొదలవుతుంది? ‘నిన్న ఏం తిన్నారో ఒక్కొక్కరు లేచి చెప్పండి.’ దీనంత పాడు ప్రశ్న ఇంకోటి లేదు. మొదటి బెంచి పిల్ల ఇడ్లీ, పప్పు, పెరుగు అంటుంది. మన పిల్ల లేస్తుంది. రాత్రి తిన్నది ఎండు తునకల కూర. నిన్న పొద్దున ఏమీ తినలేదు. ఈ రెండూ చెప్పలేదు. ‘పప్పు, పెరుగు సార్’ అని కూర్చుంటుంది. ఆ అబద్ధం మీద సారు పాఠం కడతాడు. ఒకే ప్రశ్నతో ఆకలినీ దాచిపెట్టించాం, మంచి తిండినీ దాచిపెట్టించాం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపి మన తిండి మాకు సిగ్గు కాదన్నారు. ఆ మాట ఇంకా హైస్కూల్ గ్రౌండ్ దాకా రాలేదు.

కాబట్టి ఇక్కడ కూడా పేరు లేని చీటీయే. నిన్న పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఏం తిన్నారు అని మూడు గీతలు. సారు ముందే ఒక మాట అనాలి: ‘బీఫ్, పంది, చేపలు, నల్ల, బోటి, గంజి, ఏదైనా రాయండి. ఏమీ తినకపోతే ఏమీ లేదని రాయండి.’ ఆ పేర్లు సారు నోట ముందు వస్తేనే పిల్లల చేతి నుంచి వస్తాయి. చీటీలన్నీ కలిపాక ఎవరో ఒక్కరి పళ్ళెం కాదు, తరగతి పళ్ళెం తయారవుతుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చింది ఎంతమంది అన్న అంకె అందరికంటే ముందు పీఈటీకి కావాలి. పొద్దున ప్రార్థన కాగానే ఉరికించే అలవాటు ఉంటే ఆ అంకె చూశాక మానుకుంటాడు. అమ్మానాన్నలు ఆరింటికే కూలికి పోయే ఇళ్ళలో పొద్దుటి బువ్వ అనేదే ఉండదు. తమిళనాడులో 2022 నుంచి సర్కారు ప్రాథమిక బడుల్లో పొద్దున టిఫిన్ పెడుతున్నారు. ఎదిగే వయసు హైస్కూల్ పిల్లలకు అది ఇంకా అవసరం.

తర్వాత మాంసకృత్తుల లెక్క. అన్నీ చెప్పొద్దు, ఈ ఒక్కటే ఆరు వారాలకు చాలు. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ అమ్మాయికి రోజుకు 43 గ్రాములు, అబ్బాయికి 45 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మధ్యాహ్న భోజనం నియమం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. వాటితో 20 గ్రాముల మాంసకృత్తులు రావాలి. కేంద్రం డబ్బు ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిది, పది పిల్లలకు పెట్టాలంటే రాష్ట్రం తన డబ్బుతో పెట్టాలి.

మన అమ్మాయి రోజును కూడదాం. మధ్యాహ్నం 20 గ్రాములు. పొద్దున చాయ, రెండు బిస్కెట్లు, మహా అయితే ఒకటి. రాత్రి కడుపునిండా అన్నం, చారు. 150 గ్రాముల బియ్యమనుకుంటే ఒక 11 గ్రాములు. మొత్తం 32. ఇంకా 11 గ్రాములు తక్కువ. గుడ్డు పెట్టిన రోజు ఆరు గ్రాములు కలుస్తాయి. ఒక గుప్పెడు పల్లీలు, 30 గ్రాములు, ఏడు గ్రాములకు పైనే. ఇంట్లో బీఫ్ వండిన రోజు నాలుగు మంచి ముక్కలు తింటే పది గ్రాములు దాటుతుంది. లోటు పెద్దది కాదు, పూడ్చగలిగిందే అని పిల్లకు తెలియాలి. పూడ్చే వస్తువులు కొన్ని తన ఇంట్లోనే ఉన్నాయని, అవి తక్కువ తిండి కాదని కూడా తెలియాలి. అంతే ముఖ్యంగా, గుడ్డు రాని రోజు తనకు ఏం పోయిందో గ్రాముల్లో తెలియాలి.

అక్కడి నుంచి పిల్లలు ఇంకో లెక్క వెయ్యగలరు. వంద మందికి 30 గ్రాములంటే మూడు కిలోల పప్పు. ఇవ్వాళ గంజులో పడింది ఎంత? ఇది అడగాల్సిన ప్రశ్నే. కానీ జాగ్రత్త. ఈ ప్రశ్న వంట చేసే అమ్మల మీదికి పోకూడదు. కేంద్రం లెక్కలో వాళ్ళ నెల గౌరవ వేతనం 2009లో వెయ్యి రూపాయలని పెట్టారు, రాష్ట్రాలు ఎంత కలిపితే అంత. బిల్లులు నెలల తరబడి రాకపోతే అప్పు తెచ్చి వండేది వాళ్ళే. వంట పనిలో దళితులకు, ఆదివాసులకు ముందు చోటివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. దళిత అమ్మ వండితే తినమన్న ఊళ్ళూ ఉన్నాయి. కాబట్టి పప్పు పలుచనైతే ముందు అడగాల్సింది బియ్యం, పప్పు, బిల్లు పైనుంచి ఎంత వచ్చాయని. ఆ లెక్క వంటమ్మలతో కలిసి అడిగితే వాళ్ళూ మన పక్కన నిలబడతారు.

చివరి రెండు వారాలు ఇనుము. కబడ్డీలో నాలుగు కూతలకే ఆయాసపడే పిల్లను బద్ధకస్తురాలు అనే ముందు ఆగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అబ్బాయిల్లో 31 మందికి. అంటే మీ ముందు వరుసలో నిలబడ్డ పదిమంది అమ్మాయిల్లో ఆరుగురు తక్కువ రక్తంతో ఉరుకుతున్నారని అనుకోవచ్చు. ఊపిరితిత్తులు గాలి పీలుస్తాయి, కానీ ఆ గాలిలోని ప్రాణవాయువును కండ దాకా మోసే రక్తమే పలుచగా ఉంది. ఆ తక్కువను పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇది పిల్లలు తమ చేతితోనే తెలుసుకోవచ్చు. మూడు నిమిషాలు ఉరికి ఆగాక, మణికట్టు మీద వేళ్ళు పెట్టి అర నిమిషం నాడి లెక్కపెట్టాలి, రెండు నిమిషాలు కూర్చుని మళ్ళీ లెక్కపెట్టాలి. అందరికీ దిగుతున్న నాడి ఒకరికి దిగకపోతే, కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే ఆ పిల్లను రక్త పరీక్షకు పంపాలి. నాడి ఒక్కటి చూసి రక్తహీనత అని తేల్చొద్దు. జ్వరం, భయం, నిద్ర లేకపోవడం కూడా నాడిని పెంచుతాయి. తేల్చాల్సింది హిమోగ్లోబిన్ పరీక్ష. ఈ వయసు అమ్మాయిలకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే.

బడిలో వారానికొకటి ఇచ్చే నీలం బిళ్ళ దీనికే. అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. చాలామంది పిల్లలు దాన్ని కిటికీలోంచి పారేస్తారు. ఎందుకు? ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం. మర్నాడు విరేచనం నల్లగా వస్తే భయం. ఈ రెండూ ముందే చెప్పాలి. మధ్యాహ్న భోజనం అయ్యాకే వెయ్యాలి, నల్లగా రావడం మామూలే. చాయ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు కాబట్టి గంటసేపు ముట్టొద్దు. జామకాయ, నిమ్మకాయ, ఉసిరి పట్టేలా చేస్తాయి. ఇంకో సంగతి కూడా గ్రౌండ్‌లో గట్టిగా చెప్పాలి. ఆకుకూరలో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. మాంసంలో, కార్జంలో, నల్లలో ఉండే ఇనుము చాలా బాగా పడుతుంది. పెద్ద కులాలు ముక్కు మూసుకున్న మన వాడల తిండి ఇది. శాస్త్రం దాని పక్కనే నిలబడింది.

ఈ పాఠం ఎక్కడ చెడుతుందో కూడా చెప్పి ముగిస్తాను. పిల్లల బరువులు గట్టిగా చదివి వినిపించినప్పుడు చెడుతుంది. లావు పిల్ల తిండి మానేస్తుంది, బక్క పిల్లాడు బడి మానేస్తాడు. ఆలస్యమైన వాళ్ళను రౌండ్లు కొట్టించి, నీళ్ళు తాగనివ్వకుండా శిక్షగా వాడినప్పుడు చెడుతుంది. ఒంటి నొప్పికీ ఆటకూ ముడి వేసిన పిల్ల జన్మలో ఆడదు. శాకాహారమే శుద్ధమని సారు తన ఇంటి నమ్మకాన్ని పాఠంలో కలిపినప్పుడు చెడుతుంది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా మారినప్పుడు పూర్తిగా చచ్చిపోతుంది.

బాగా నడిచిందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష అక్కర్లేదు. ఆరో వారం చివర మొదటి రోజు చీటీలనే మళ్ళీ ఇవ్వండి. ఎన్నిసార్లు తాగారు, ఎన్నిసార్లు పోయారు. అమ్మాయిల చీటీల మీద ఒకటి, సున్నా పోయి మూడు, నాలుగు వచ్చాయా? వస్తే పాఠం పనిచేసినట్టు. రాకపోతే పిల్లలను తిట్టకండి, పోయి టాయిలెట్ తలుపు చూడండి. తిండి చీటీలో నల్ల, బోటి, తునకలు అన్న మాటలు మొదటిసారి కంటే ఎక్కువ కనిపించాయా? కనిపిస్తే పిల్లలు తిండి మార్చుకున్నారని కాదు, దాచుకోవడం మానేశారని.

బీపీఈడీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ టీచింగ్ ప్రాక్టీసులో లెసన్ ప్లాన్ ఎలాగూ రాయాలి. ఈసారి అందులో ఈ రెండు చీటీలు పెట్టండి. హాస్టల్ కార్యకర్తలు తూకం మిషన్ కోసం ఆగొద్దు. రేపు సాయంత్రమే చీటీలు పంచి, వచ్చిన లెక్కను వార్డెన్ టేబుల్ మీద పెట్టండి.

జై భీమ్.